గిడుగువారు ముగ్గురయ్యారు

గిడుగు రామమూర్తిగారు పుట్టింది మా శ్రీకాకుళం జిల్లాలోనే, ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. అలాంటి మహానుభావుణ్ణి మా బావ ఒకే వ్యాసంలో ముగ్గుర్ని చేసి కూర్చోబెట్టాడు.

బావ రిటైరైన లెక్చరరు. ఖాళీగా ఉండలేడు, ఇంట్లో వాళ్ళని ఉండనివ్వడు. సవర భాషలోకి చేరిన తెలుగు మాటల గురించి ఒక ఇంగ్లీషు జర్నల్లో వచ్చిన వ్యాసాన్ని, రాసినాయన అనుమతి తెప్పించుకుని, ఇక్కడి ప్రత్యేక సంచిక కోసం తెలుగు చేశాడు. అనువాదం మాత్రం బాగా కుదిరింది. గొడవంతా బ్రాకెట్లలోనూ, చివరనున్న ఆధారాల పట్టికలోనూ. "అవి ఉత్త పేర్లే కదరా, వాటికి అనువాదం ఏటుంటాది?" అని వాటిని ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరి డీటీపీ కుర్రాడికి అప్పజెప్పీసాడు.

ప్రూఫు నా దగ్గరికి వచ్చింది. ప్రూఫులో నేను ముందు చదివేది వ్యాసం కాదు, పట్టిక. వ్యాసంలో పేరూ సంవత్సరమూ కనబడ్డచోటల్లా పట్టికలో దాని జతని వెతికి రెండుచోట్లా పెన్సిల్‌తో టిక్కు పెడతాను. జత దొరకని పేరున్నా, టిక్కు పడని పుస్తకం మిగిలినా ఎక్కడో తేడా ఉన్నట్టే. ఆరోజు పెన్సిలు 1931 దగ్గర ఆగిపోయింది. ఒకచోట 'గిడుగు 1931'. రెండు పేజీలు తిప్పితే 'రామమూర్తి 1931'. కింద పాదసూచికలో 'రామమూర్థి 1931'. పట్టికలో చూస్తే ఒక్కటే, 'రామమూర్తి, జి. వి.'. అక్కడితో ఆగినా బాగుండేది. ఏడో పేజీలో ఈ వాక్యం ఉంది: "గిడుగు అభిప్రాయాన్నే తర్వాత రామమూర్తి కూడా బలపరిచారు."

మూలంలో ఉన్నది వేరు. గిడుగువారి అభిప్రాయం ఇదీ అని చెప్పి, ఆ మాట ఎక్కడుందో తెలియడానికి బ్రాకెట్లో రామమూర్తి, 1931 అని ఇచ్చారు. అది ఆయన సవర భాష మాన్యువల్, మద్రాసులో అచ్చయింది. బావ ఆ బ్రాకెట్టుని రెండో సాక్షి అనుకున్నాడు. ఫోను చేశాను.

"బావా, గిడుగువారిని రామమూర్తిగారు బలపరిచారని రాశావు."

"అవును. ఇద్దరు పెద్దలు ఒకే మాటన్నారంటే వాదానికి బలం కదరా!"

"గిడుగువారి పేరేటి బావా?"

అవతల కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత "ఓరి నాయనో" అని వినబడింది. ఆ వెంటనే "మరి ఆ థి ఎవుడ్రా?" అని కూడా వినబడింది.

ఆ థి కూడా ఆయనే. ఇంగ్లీషులో మూర్తి అన్న మాటని ఒకరు టి, ఐ అని ముగిస్తారు, మరొకరు టి, హెచ్, వై అంటారు. మూలరచయిత పాదసూచికలో వేరే వాళ్ళ వ్యాసం నుంచి ఎత్తి రాసినప్పుడు వాళ్ళ స్పెల్లింగు అలాగే వచ్చింది. మన కుర్రాడికి హెచ్ కనబడింది, ఒత్తు పెట్టీసాడు. వాడి తప్పేముంది? కళ్ళకి కనబడిందే కొట్టాడు.

అసలు చిక్కు పట్టికలో ఉంది. ఇంగ్లీషు పద్ధతిలో పేరు చివరి ముక్కే ఇంటిపేరని లెక్క. దాన్ని ముందుకు తెచ్చి, మిగతాది పొడి అక్షరాలు చేస్తారు. మనకి ఇంటిపేరు ముందుంటుంది కాబట్టి ఆ పొడి అక్షరాల్లో నలిగిపోయేది అదే. గిడుగు కాస్తా 'జి' అయిపోతుంది. కొడుకు సీతాపతిగారు కూడా సవరల మీద రాశారు, ఆయనా జి.వి.యే. అంచేత తండ్రి ఆర్ అక్షరం కిందా, కొడుకు ఎస్ అక్షరం కిందా వేరుకాపురం పెట్టారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారైతే ముందుచూపుతో తన ఇంటిపేరుని ఇంగ్లీషులో బి, హెచ్ రెండూ కలిపి ఒకే అక్షరంగా రాసుకునేవారు, అంటే 'భ'. మన కుర్రాడు వాటిని విడగొట్టి, మధ్య చుక్క కూడా పెట్టి 'బి. హెచ్. కృష్ణమూర్తి' చేశాడు.

సాయంత్రం బావ వచ్చాడు, పట్టిక కాగితాలు పట్టుకుని. మొత్తం తెలుగు లిపిలో ఉంది. వరస మాత్రం ఏబీసీడీలదే. బరో తర్వాత ఎమెనో, ఆ తర్వాత కృష్ణమూర్తి, అక్కణ్ణించి రామమూర్తి. బ తర్వాత ఎ, ఎ తర్వాత క. అఆలు వచ్చినవాడికీ దొరకదు, ఏబీసీడీలు వచ్చినవాడికీ దొరకదు. పుస్తకాల పేర్లు, ప్రచురణకర్తలు, ఆఖరికి నెట్‌లో వ్యాసాన్ని పట్టిచ్చే గుర్తు డీఓఐలో ఉన్న ఇంగ్లీషు అక్షరాలు కూడా తెలుగైపోయాయి.

"తెలుగు వ్యాసానికి తెలుగు పట్టిక ఉంటే తప్పేట్రా?" అన్నాడు బావ, కాస్త రోషంగానే.

"ఈ పట్టిక చదువుకోడానిక్కాదు బావా, పుస్తకం పట్టుకోడానికి. బరో, ఎమెనోల ద్రావిడ నిఘంటువు కావాలనుకున్నవాడు లైబ్రరీ కంప్యూటర్లో 'బరో' అని తెలుగులో కొడితే ఏమొస్తుంది?"

ఇంగ్లీషు పుస్తకాల వివరాలన్నీ మూలంలో ఎలా ఉన్నాయో అలాగే రోమన్ లిపిలో, ఏబీసీడీ వరసలోనే ఉంచమన్నాను. వ్యాసం లోపల మాత్రం పేర్లు మనం పిలుచుకునేటట్టే రాయాలి, ఒకసారి రాసింది చివరిదాకా మార్చకూడదు. అయితే లోపల 'గిడుగు' అని చదివినవాడు పట్టికలో జి దగ్గర వెతుక్కుని వెనక్కి వచ్చేస్తాడు. అందుకని జి దగ్గర ఒక దారిచూపే పంక్తి పెట్టాలి: గిడుగు రామమూర్తి కోసం ఆర్ కింద చూడండి, సీతాపతి కోసం ఎస్ కింద చూడండి అని. భద్రిరాజువారికి బి దగ్గర ఇలాంటిదే ఇంకొకటి. ఎవరి ఎంట్రీనీ కదపక్కర్లేదు.

తెలుగు పుస్తకాలని విడిగా అకారాది క్రమంలో పెడదామని వాటి దగ్గరికి వచ్చాం. అక్కడ గిడుగువారి ఖాతాలో 'ఆంధ్ర వైద్య విద్వాంసుల భాషాడంబరం' అనే పుస్తకం ఉంది.

"ఇదెక్కడిది బావా?"

"ఇంగ్లీషు లిస్టులో ఉన్నదే. చక్కగా తెలుగు చేశాను."

గిడుగువారు వైద్యుల జోలికి ఎప్పుడెళ్ళారా అని ఆమదాలవలసలో ఉన్న ఒక తెలుగు మాస్టారికి ఫోను చేసి పేరు చదివాను. ఆయన దగ్గొచ్చేదాకా నవ్వి, "నాయనా, అది 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం'. మనవాళ్ళ పుస్తకం మళ్ళీ మనకే అనువాదం చేసి పెట్టారేటి?" అన్నారు. మూలరచయిత తన పాఠకుల కోసం ఆ పేరుని ఇంగ్లీషులో వివరించాడు. దాన్ని బావ తిరిగి తెలుగు చేసేసరికి ఏ బీరువాలోనూ లేని కొత్త పుస్తకం పుట్టింది. ఏ లైబ్రేరియనైనా దయతలిస్తే పాఠకుణ్ణి వైద్యశాస్త్రం బీరువా వైపు పంపుతాడు. పట్టికలో ఇలాంటి పేరు తగిలినప్పుడు చేయాల్సింది ఒక్కటే: పుస్తకం అట్ట తిప్పి, లోపలి మొదటి పేజీలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించడం. బావకి అదంటే కష్టం. నిఘంటువు తీయమంటే రాత్రంతా తీస్తాడు గానీ, బీరువా తీయమంటే మోకాళ్ళ నొప్పంటాడు.

మర్నాడు ఇద్దరం డీటీపీ షాపుకెళ్ళాం. కుర్రాడు అన్నీ ఓపిగ్గానే మార్చాడు. బలపరిచే వాక్యం ఎగిరిపోయింది, థి ఎగిరిపోయాడు, తండ్రీకొడుకుల పేర్లు జి దగ్గర పక్కపక్కన చేరాయి. అన్నీ అయ్యాక మొదటి పేజీ తెరిచి అడిగాడు:

"అనువాదకుడంటే మీరే కదా సార్? మీ పేరు ఎలగ కొట్టమంటారు?"

బావ గడ్డం గోక్కున్నాడు.

"తెలుగు పేజీలో ఇంటిపేరు ముందు కొట్టు. ఇంగ్లీషు సారాంశం దగ్గర వెనక్కి కొట్టు. ఇద్దరూ ఒకడేనని కింద చిన్నక్షరాల్లో కొట్టు."