ఇరవై నెలలు ఆగిన మాట

“ఇష్టం ఉన్నా ముందే బయటపడొద్దు. రెండేళ్లు మంచి స్నేహితుడిగా ఉండు, ప్రేమ దానంతట అదే వస్తుంది. తొందరపడి చెబితే ఉన్న స్నేహమూ పోతుంది. పరిశోధనలే చెబుతున్నాయి.”

ప్రేమలో ఉన్నవారికి తరచుగా వినిపించే సలహా ఇది. అందులో పరిశోధన సంగతి ముందుగా చూద్దాం. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన స్టిన్సన్ బృందం 2021లో వెలువరించిన అధ్యయనంలో, దాదాపు 1,900 మందిలో మూడింట రెండు వంతుల మంది తమ ప్రేమబంధం స్నేహంగానే మొదలైందని చెప్పారు. వారిలో విద్యార్థుల బృందాన్ని విడిగా అడిగినప్పుడు, ఆ స్నేహం సగటున 22 నెలలు సాగిందని తేలింది. ఇంతవరకూ నిజమే. అయితే స్నేహం కుదిరిన నాటికి ఇద్దరిలో ఎవరికీ వేరే ఉద్దేశం లేదని ఆ విద్యార్థుల్లో ఎక్కువ మంది చెప్పారు. అంటే అవి చాలావరకు ఇష్టాన్ని దాచుకుని కాచుకున్న నెలలు కావు, ఇష్టం పుట్టడానికి పట్టిన నెలలు. పైగా లెక్కించింది కుదిరిన బంధాలను మాత్రమే కనుక, ఏళ్లతరబడి ఎదురుచూసి ఏమీ దక్కనివారు ఆ లెక్కలోకి రానే రారు.

ఇక “దానంతట అదే వస్తుంది” అన్న మాట. హైదరాబాదులో నాతో పనిచేసిన ఒకాయన, తనకు ఇష్టమైన అమ్మాయిని ఇరవై నెలల పాటు రోజూ మెట్రో స్టేషన్ దాకా బండి మీద దింపేవాడు. శ్రావణం వచ్చేసరికి ఆమె ఇంట్లో సంబంధాలు చూడటం మొదలైంది. ఆమె క్యాంటీన్లో ఫోన్ చేతికిచ్చి, “ఫొటోలో ఎలా ఉన్నాడు? నువ్వే చెప్పు” అని అడిగితే, ఈయన “బాగున్నాడు” అన్నాడు. తాంబూలాలు పుచ్చుకున్న వారానికి అసలు మాట చెప్పాడు. “అయితే ఇన్నాళ్లూ దింపింది ఇందుకేనా?” అని ఆమె అడిగింది.

మూడో నెలలో ఆయన అడిగి ఉంటే ఆ ప్రశ్న “ఆదివారం మనిద్దరమే టిఫిన్‌కు వెళ్దామా, నాకు నువ్వంటే ఇష్టం” అన్నంత చిన్నది. వద్దనడానికి ఆమెకూ ఒక్క నిమిషం చాలేది. ఇరవయ్యో నెలకు అదే ప్రశ్న “ఇంట్లో కాదని చెప్పి, కుదిరిన సంబంధం వదులుకుంటావా” అన్నంత పెద్దదైంది. ఆలస్యానికి అసలు ఖర్చు ఇదేనని, దానిలో ఎక్కువ భాగం అవతలి మనిషే భరించాలని నా అభిప్రాయం.

“చెబితే స్నేహం పోతుంది” అన్న భయం పూర్తిగా నిరాధారం కాదు. కాదన్న తరువాత కొన్ని వారాలు ఇబ్బందిగానే ఉంటుంది. అందుకే ఒక్కసారి, స్పష్టంగా చెప్పి, జవాబు వచ్చాక “ఇంకోసారి ఆలోచించుకో” అనకుండా ఉండాలి. తన కింద పనిచేసే మనిషి విషయంలో మాత్రం ఈ సలహా వర్తించదు, ఎందుకంటే ఆమెకు కాదనే స్వేచ్ఛ ఉండదు. మనసులో ఇంకా ఏమీ లేనివారికి చెప్పవలసిందీ ఏమీ లేదు.

వారిద్దరూ ఇప్పుడు మాట్లాడుకోవడం లేదు. స్నేహం చెడకూడదనే ఆగానని ఆయన ఇప్పటికీ అంటాడు.