మిగులు బడ్జెట్ ఉన్నా పెరిగిన అప్పు: 1920ల బ్రిటన్ లెక్క

ప్రభుత్వ అప్పు గురించి మాట్లాడేటప్పుడు ఈ మూడు వాదనలు వినిపిస్తుంటాయి: "వడ్డీ చెల్లింపులు పక్కనపెట్టి, మిగతా ఖర్చును ప్రభుత్వం తన ఆదాయం లోపల ఉంచుకుంటే చాలు, అప్పు భారం తప్పకుండా తగ్గుతుంది. కేంద్ర బ్యాంకు నడిపే ద్రవ్యవిధానం ధరలను అదుపు చేయడానికే, ప్రభుత్వ అప్పుతో దానికి సంబంధం లేదు. వడ్డీ రేటు వృద్ధిని మించిపోతే ఖర్చును ఇంకా కోయడం తప్ప వేరే దారి లేదు."

మొదటి వాదన లెక్క దగ్గరే నిలబడదు. అప్పు భారాన్ని జీడీపీలో శాతంగా కొలుస్తాం కనుక, ఏడాదిలో ఆ శాతం ఎంత మారుతుందో ఈ సూత్రం చెబుతుంది:

```
Δd = d × (r − g) / (1 + g) − p
```

ఇందులో d అప్పు నిష్పత్తి, r పాత అప్పు మీద సగటున కడుతున్న వడ్డీ, g ధరల మార్పుతో కలిపి జీడీపీ పెరిగిన రేటు, p ప్రాథమిక మిగులు, అంటే ఆదాయంలోంచి వడ్డీ కాని ఖర్చు పోగా మిగిలినది, జీడీపీలో శాతంగా. అప్పు జీడీపీలో 150 శాతం, వడ్డీ 5 శాతం, మిగులు 7 శాతం ఉన్న దేశాన్ని ఊహించండి. జీడీపీ 3 శాతం పెరిగితే వడ్డీ, వృద్ధుల మధ్య తేడా నిష్పత్తికి సుమారు 2.9 పాయింట్లు కలుపుతుంది. మిగులు 7 తీసేస్తుంది. భారం 4 పాయింట్లకు పైగా దిగుతుంది. అదే మిగులు, అదే వడ్డీ ఉండి, ధరలు పడిపోవడం వల్ల జీడీపీ 1 శాతం కుంచించుకుపోతే ఆ తేడా 9.1 పాయింట్లు కలుపుతుంది, భారం 2 పాయింట్లు పెరుగుతుంది. ప్రభుత్వం అప్పటికంటే ఒక్క పౌండు కూడా ఎక్కువ ఖర్చు పెట్టలేదు.

పౌండు అన్నది ఊరికే కాదు, బ్రిటన్‌లో దాదాపు ఇదే జరిగింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసేసరికి ఆ దేశపు అప్పు జీడీపీలో సుమారు 140 శాతం. 1920లలో ప్రభుత్వం ఏటా జీడీపీలో 7 శాతానికి దగ్గరగా ప్రాథమిక మిగులు చూపింది, ఈనాటి ఆర్థికమంత్రుల్లో చాలామంది ఊహించడానికి కూడా సాహసించని క్రమశిక్షణ అది. అయినా 1930 నాటికి అప్పు సుమారు 170 శాతానికి, 1933లో 190 శాతం దగ్గరకు చేరింది.

రెండో వాదనకు జవాబు కూడా అక్కడే ఉంది, అందుకే ఈ ఉదాహరణ నాకు అన్నిటికన్నా ముఖ్యం. యుద్ధానికి ముందున్న విలువకే పౌండును తిరిగి బంగారంతో ముడిపెట్టాలన్నది బ్రిటన్ ద్రవ్యవిధాన లక్ష్యం. అందుకోసం 1920లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన వడ్డీ రేటును 7 శాతానికి పెంచింది, ఆ వెంటనే ధరలు, వేతనాలు కుప్పకూలాయి. 1925లో పౌండుకు 4.86 డాలర్ల పాత విలువ తిరిగొచ్చింది. దాన్ని నిలబెట్టడానికి వడ్డీని ఎత్తులోనే ఉంచవలసి వచ్చింది. యుద్ధకాలంలో ధరలు ఎక్కువగా ఉన్నప్పుడు తీసుకున్న అప్పు పౌండ్లలో అలాగే ఉండిపోయింది, దాన్ని మోయవలసిన జీడీపీ మాత్రం పౌండ్లలో కుంచించుకుపోయింది. అంటే పౌండు విలువ కోసం నడిపిన ద్రవ్యవిధానం g మీద పడి, అప్పు నిష్పత్తిని పైకి తోసింది.

1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలేసింది, 1932 జూన్‌కల్లా బ్యాంకు రేటు 2 శాతానికి దిగింది. ఆ నెలాఖరున ఆర్థికమంత్రి నెవిల్ చేంబర్లేన్, సుమారు 200 కోట్ల పౌండ్ల 5 శాతం యుద్ధ రుణ బాండ్లను 3.5 శాతానికి మార్చుకోమని మదుపరులను కోరారు. మొత్తం అప్పులో నాలుగో వంతుకు పైబడిన ఆ బాండ్లలో అత్యధిక భాగం మారింది. ఏటా దాదాపు 3 కోట్ల పౌండ్ల వడ్డీ తగ్గింది. చౌక వడ్డీ లేకుంటే మదుపరులు ఒప్పుకునేవారు కాదు. ధరల పతనమూ ఆగాక, 1933 తర్వాత నిష్పత్తి దిగడం మొదలైంది.

మూడో వాదనను బ్రిటన్ అప్పటికే ఆచరించి చూసింది. ఎరిక్ గెడ్డెస్ నేతృత్వంలోని కమిటీ సిఫార్సులతో 1922లో ఖర్చును తీవ్రంగా కోశారు. కోత p ని పెంచుతుంది, నిజమే. కానీ గిరాకీ బలహీనంగా ఉండి, వడ్డీని తగ్గించే స్వేచ్ఛ కేంద్ర బ్యాంకుకు లేనప్పుడు అదే కోత g ని కూడా కిందికి లాగుతుంది. కోత ఫలించే సందర్భాలున్నాయి, ఆ పక్కనే వడ్డీ దిగే వీలున్న చోట.

అలాగని వడ్డీ తగ్గిస్తే సమస్య తీరిపోతుందనడమూ తప్పే. కేంద్ర బ్యాంకు పాలసీ రేటు మారినంత మాత్రాన పాత బాండ్ల వడ్డీ మారదు, గడువు తీరి తిరిగి తీసుకునే అప్పుకే కొత్త రేటు వర్తిస్తుంది. బ్రిటన్‌కు పాత బాండ్ల వడ్డీని తగ్గించే వీలు దొరికింది కూడా, 1929 తర్వాత ఎప్పుడైనా ఆ యుద్ధ రుణ బాండ్లను తీర్చేసే హక్కు ప్రభుత్వానికి ఉండటం వల్లనే. విదేశీ కరెన్సీలో ఉన్న అప్పు సొంత కరెన్సీ పడిపోతే మరింత బరువెక్కుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వంటి రాష్ట్రాలకైతే సొంత ద్రవ్యవిధానమే లేదు, కనుక వాటి అప్పుపై వడ్డీని, ధరల వేగాన్ని రిజర్వు బ్యాంకు నిర్ణయాలు ప్రభావితం చేస్తాయి, వాటిని మార్చే అధికారం మాత్రం రాష్ట్రాల చేతిలో ఉండదు. ఏ ప్రభుత్వం విషయంలోనైనా మిగులు అంకె ఒక్కటే చూడకుండా, అప్పుపై సగటు వడ్డీని, వచ్చే రెండు మూడేళ్లలో గడువు తీరే భాగాన్ని, ధరలతో కలిపిన వృద్ధిని పక్కపక్కన పెట్టి చూస్తే భారం ఎటు కదులుతోందో తెలుస్తుంది.