"నిన్నటి సేల్స్" అంటే ఎవరి నిన్న?

రెండు మూడు దేశాల్లో అమ్మే ఏ కంపెనీలోనైనా పొద్దున్నే ఒక గొడవ ఉంటుంది. సేల్స్ రిపోర్టులో ఒక అంకె, అకౌంట్స్ దగ్గర ఇంకో అంకె, పేమెంట్ గేట్‌వే సెటిల్‌మెంట్‌లో మూడో అంకె. వెంటనే "డేటా తప్పు" అంటూ టెక్ టీమ్ మీద పడతారు. చాలాసార్లు ఒక్క ఆర్డర్ కూడా పోయి ఉండదు. ముగ్గురూ రోజును మూడు వేర్వేరు గంటల దగ్గర కోశారు, అంతే.

ఆర్డర్ సమయాన్ని యూటీసీలో దాచడం మంచి పద్ధతే, దానితో నాకు పేచీ లేదు. కానీ సమయం యూటీసీలో ఉంది కాబట్టి రోజు కూడా యూటీసీ అర్ధరాత్రికే ముగించేస్తారు చూడండి, అక్కడే నాకు మండుతుంది. జులైలో యూటీసీ అర్ధరాత్రి అంటే న్యూయార్క్‌లో రాత్రి 8 గంటలు. జనం తీరిగ్గా కూర్చుని కొనే సమయం అది. శనివారం రాత్రి 8:30కి వచ్చిన ఆర్డర్ రిపోర్టులో ఆదివారం కింద పడుతుంది. ఆ ఆదివారం అంకె చూసి "ఆదివారం ఆఫర్ బాగా పనిచేసింది" అని మార్కెటింగ్ వాళ్లు సంబరపడతారు. అదే ఆర్డర్ జులై 31 రాత్రి వస్తే నెలే మారిపోతుంది. అక్కడి పన్ను లెక్కేమో స్థానిక తేదీ అడుగుతుంది.

పోనీ ఆ గీతైనా ఒక చోట నిలబడుతుందా అంటే అదీ లేదు. నవంబర్‌లో అమెరికా గడియారాలు వెనక్కి జరిగాక అది రాత్రి 7కి వస్తుంది. నిన్నటిదాకా శనివారంలో ఉన్న 7 నుంచి 8 మధ్య ఆర్డర్లు ఇకపై ఆదివారంలోకి పోతాయి. కొనేవాళ్ల అలవాటు ఏమీ మారలేదు, చార్టు మాత్రం మారింది. దానికి కారణం చెప్పమని మీటింగ్!

రిపోర్టు తప్పైతే తిట్లతో పోతుంది. ఆర్డర్ బ్యాచ్ తప్పైతే సరుకు కదులుతుంది. చాలా చోట్ల చూసే ఏర్పాటు ఇది: రోజూ న్యూయార్క్ అర్ధరాత్రి జాబ్ నడుస్తుంది, "గత 24 గంటల" ఆర్డర్లు తీసి గోడౌన్‌కు పంపుతుంది. ఏడాదిలో రెండు రోజులు తప్ప బాగానే ఉంటుంది.

2026 మార్చి 8 సంగతి చూడండి. గడియారాలు ఒక గంట ముందుకు జరగడం వల్ల ఆ రోజు న్యూయార్క్‌లో 23 గంటలే. 9వ తేదీ అర్ధరాత్రి జాబ్ 24 గంటలు వెనక్కి వెళ్తే 7వ తేదీ రాత్రి 11 దగ్గర ఆగుతుంది. అంటే 7న 11 నుంచి 12 మధ్య వచ్చినవి ముందు రోజు బ్యాచ్‌లో ఒకసారి వెళ్లాయి, ఇప్పుడు మళ్లీ వెళ్తాయి. కస్టమర్ ఇంటికి రెండు పార్సిళ్లు. నవంబర్ 1న ఇదే తిరగబడుతుంది. రోజుకు 25 గంటలు, జాబ్ చూసేది 24. అర్ధరాత్రి 12 నుంచి 1 దాకా వచ్చిన ఆర్డర్లు ఏ బ్యాచ్‌లోనూ ఉండవు. రెండోది ఇంకా ప్రమాదం. రెండు పార్సిళ్లు వస్తే ఎవరో ఒకరు చెబుతారు (అందరూ చెప్పరనుకోండి). ఆగిపోయిన ఆర్డర్ సంగతి మాత్రం కస్టమర్ కోపంతో ఫోన్ చేసేదాకా తెలియదు.

మందు చిన్నదే. "గత 24 గంటలు" అనే మాటను కోడ్‌లోంచి తీసేయాలి. ముందు బ్యాచ్ ఎక్కడ ఆగిందో ఆ క్షణాన్ని యూటీసీలో రాసి పెట్టుకుని, అక్కడి నుంచే మొదలుపెట్టాలి:

```sql
WHERE created_at >= :last_cutoff
  AND created_at <  :this_cutoff
```

రెండో గుర్తు `<` మాత్రమే, `<=` కాదు. ఇక్కడ `BETWEEN` రాస్తే రెండు చివరలూ లోపలికే వస్తాయి, సరిగ్గా గీత మీద పడిన ఆర్డర్ రెండు బ్యాచ్‌లలోనూ వెళ్తుంది. జాబ్ ఒక రాత్రి ఫెయిలైనా ఈ పద్ధతిలో మర్నాటి బ్యాచ్ దాన్ని కలుపుకుంటుంది.

రిపోర్టుకైతే ప్రతి స్టోర్‌కూ ఒక జోన్ పేరు పెట్టి, ఆర్డర్ పడినప్పుడే దాని వ్యాపార తేదీని లెక్కగట్టి వేరే కాలమ్‌లో దాచేయాలి. జోన్ పేరంటే `America/New_York` లాంటిది. `-05:00` అని రాసి వదిలేస్తే వేసవి అంతా ఒక గంట తప్పే. ఆ తేదీని ఇక ఎవరూ మళ్లీ లెక్కగట్టకూడదు, అందరూ అదే కాలమ్ చదవాలి. గేట్‌వే వాళ్ల కటాఫ్ మన చేతిలో ఉండదు కాబట్టి, సెటిల్‌మెంట్‌ను రోజు మొత్తాలతో పోల్చడం మానేసి ఆర్డర్ నంబర్లతో సరిచూసుకోవాలి.

ఇంకోటి, సిడ్నీలో సోమవారం పొద్దున్న న్యూయార్క్‌లో ఇంకా ఆదివారమే నడుస్తుంటుంది. అప్పుడే "ఆదివారం మొత్తం" పంపమంటే పంపొచ్చు, కానీ దాని మీద "ఇంకా ముగియలేదు" అని రాసి పంపండి. అలా రాయకుండా పంపిన అంకెను స్లైడ్‌లో అతికించేస్తారు, మధ్యాహ్నానికి అసలు అంకె వచ్చాక ఎందుకు మారిందని మళ్లీ మనల్నే అడుగుతారు.