ఆ 'కె'ని ఒకప్పుడు పలికేవాళ్లు

మొన్న మా చిన్నది స్పెల్లింగ్ టెస్టుకి కూర్చుని, "నాన్నా, నైట్‌లో 'కె' దేనికి?" అంది. రాత్రి నైట్ కాదు, కత్తి పట్టి గుర్రమెక్కే నైట్. "పలకని అక్షరంలే, బట్టీ పట్టెయ్" అనబోయి ఆగాను. ఇక్కడ మనం పిల్లలకి చెప్పే పెద్ద అబద్ధం అదేనేమో.

వెయ్యేళ్ల కిందట ఆ మాట 'క్నిఖ్ట్'. అర్థం కూడా కుర్రవాడు, సేవకుడు అనే. 'కె' పలికేది, 'ఎన్' పలికేది. మధ్యలో గొంతు గీరుకున్నట్టు వచ్చే ఆ 'ఖ్'ని మొదట 'హెచ్' ఒక్కదానితోనే రాసేవాళ్లు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక, ఫ్రెంచి పద్ధతి నేర్చిన లేఖకుల చేతుల్లో అది క్రమంగా 'జి, హెచ్' అయింది. జర్మన్లు రాత్రిని నేటికీ 'నాఖ్ట్' అంటారు. స్కాట్స్ మాట్లాడేవాళ్ల నోట 'నిఖ్ట్' ఇంకా వినిపిస్తుంది. దక్షిణాన ఉన్న ఇంగ్లీషువాళ్ల గొంతులో మాత్రం ఆ ధ్వని నిలవలేదు. కొన్ని మాటల్లో పూర్తిగా పోయింది, 'లాఫ్', 'కాఫ్' లాంటి వాటిలో 'ఫ్' అయి కూర్చుంది.

పోతూపోతూ అది ముందున్న అచ్చుని సాగదీసింది. 'ని' కాస్తా 'నీ' అయింది. తర్వాత దీర్ఘాచ్చులన్నీ చోటు మారాయి. ఒకప్పటి 'టీమ్' నేటి 'టైమ్' అయినట్టే 'నీట్' 'నైట్' అయింది. 'ఎన్' ముందున్న 'కె' పదిహేడో శతాబ్దంలో జారిపోయింది. ఇంత కదలిక నడుస్తుండగానే, 1476లో కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చులో పాత రాత గట్టిపడుతూ వచ్చింది, నోరు తన దారిన తాను పోయింది.

మనకేం తక్కువ? 'వాఁడు'లోని అరసున్న, ఒకనాటి 'వాండు' మిగిల్చిన గుర్తు. 'గుఱ్ఱం'లోని బండి 'ఱ' వేరే ధ్వనికి గుర్తు. నోట పోయాయని రాతలోంచీ తీసేశాం. చదవడం తేలికైంది, నిజమే. కానీ మా అమ్మాయి 'వాడు' అని రాస్తే, అక్కడ ముక్కుతో పలికిన ధ్వని ఒకటి ఉండేదని ఎవరికి తెలుస్తుంది?

ఇంగ్లీషునీ అలాగే సరిచేయాలనేవాళ్లతో నాకు పొసగదు. ఎవరి నోటి ప్రకారం సరిచేస్తాం? 'కార్'లో 'ర'ని అమెరికన్ పలుకుతాడు, లండన్‌వాడు మింగేస్తాడు. పైగా 'సైన్'లో 'జి' తీసేస్తే దానికీ 'సిగ్నల్'కీ ఉన్న చుట్టరికం కంటికి ఆనదు.

ఇదంతా విని మా అమ్మాయి గొంతు గీరుతూ నాలుగుసార్లు 'క్నిఖ్ట్' అంది. తర్వాత జాబితాలో కిందికి చూసి, "మరి డెట్‌లో 'బి'? దాన్నీ పలికేవాళ్లా?" అంది.

లేదు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో 'బి' లేదు. లాటిన్ 'డెబిటుమ్'ని గుర్తు చేయాలని పండితులు తర్వాత ఇరికించారు. ఇంగ్లీషువాడెవడూ ఏనాడూ పలకని ఆ ఒక్కదాన్ని మాత్రం బట్టీ పట్టమన్నాను.