కొత్త మేనేజరు గారిని సిబ్బంది ఆమోదించిన వైనం

బ్యాంకు బ్రాంచిలో మేనేజరు చరాస్తి, సిబ్బంది స్థిరాస్తి. ఆయన రెండు మూడేళ్లకు బదిలీ అవుతారు, వాళ్లు అదే కుర్చీల్లో ఉంటారు. కాబట్టి కొత్తగా వచ్చినాయన్ని పరీక్షించే హక్కు వాళ్లదేనని ఒప్పుకోక తప్పదు. చెన్నై సౌకార్‌పేటలో, తెలుగూ తమిళమూ కలిపి పనిచేసే ఒక బ్రాంచిలో ఆ పరీక్ష ఎలా జరిగిందో చూద్దాం.

సోమవారం పొద్దున మేనేజరు గారు ‘మనమంతా ఒకే కుటుంబం’ అన్నారు. ముప్ఫై రెండేళ్ల సర్వీసున్న హెడ్ క్యాషియరు గారు వినయంగా అడిగారు: “అట్లయితే కుటుంబంలో స్ట్రాంగ్ రూమ్ తాళాలు ఎవరి దగ్గరుండాల సార్?”

దానికి ఉపన్యాసంలో జవాబు లేదు, నిబంధనల్లో ఉంది. తాళాలు జాయింట్ కస్టడీలో ఉండాలి, అంటే ఇద్దరి దగ్గర చెరొకటి. ఒక్కరే తెరవడం కుదరకూడదు. అయితే ఛార్జి తీసుకునేవాళ్లు చేసే మామూలు తప్పు వేరే ఉంది. “పాతాయన లెక్క చూసుకున్నారు కదా” అని సంతకం పెట్టేస్తారు. ఆ సంతకం పడ్డాక, పాత లోటు కూడా కొత్తాయన ఖాతాలోకే వస్తుంది. మన మేనేజరు సాయంత్రం వరకు కూర్చుని నగదు లెక్కపెట్టించారు, గోల్డ్ లోను ప్యాకెట్లను రిజిస్టరుతో సరిచూసి, సీళ్లు తడిమి చూశారు. సిబ్బంది తీర్పు వెంటనే వచ్చింది: అనుమానపు మనిషి. మంగళ, బుధవారాలు ఆయనకు కాఫీ పేపరు కప్పులోనే అందింది. వాళ్ల స్టీలు టంబ్లర్లు వాళ్ల దగ్గరే ఉండిపోయాయి.

గురువారం సాయంత్రం నగదు మూసే వేళకి అసలు పరీక్ష వచ్చింది. సిస్టమ్‌లో 23,46,500. పెట్టెలో 23,01,500. అంటే 45,000 తక్కువ, అదీ హెడ్ క్యాషియరు గారి కౌంటర్లోనే. తేడా దొరక్కపోతే ఆ డబ్బు ఆయన జేబులోంచి కట్టాలి. అంతకంటే, ముప్ఫై రెండేళ్ల పేరుకి మచ్చ.

బ్రాంచి ఊపిరి బిగబట్టింది. ఈ దశలో చాలామంది మేనేజర్లు రెండే పనులు చేస్తారు: నోట్లు మూడోసారి లెక్కపెట్టమంటారు, లేదా ‘వివరణ ఇవ్వండి’ అని కాగితం తీస్తారు. ఈయన చొక్కా చేతులు పైకి మడిచి, క్యాష్ క్యాబిన్‌లో స్టూలు లాక్కుని కూర్చున్నారు.

“నోట్లు వదిలేయండి సార్, స్లిప్పులు ఇవ్వండి. తేడా తొమ్మిదితో భాగం పోతోంది.”

పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిది గుణిజమే. ఇక్కడ 45,000 అంటే 9 × 5 × 1,000. పదివేల స్థానంలో, వేల స్థానంలో ఉన్న రెండు అంకెలకీ తేడా అయిదు. డబ్బు తక్కువైంది కాబట్టి జమ పద్దు ఎక్కువగానో, చెల్లింపు పద్దు తక్కువగానో పడి ఉండాలి. జమ అయితే 05 బదులు 50, 16 బదులు 61, 27 బదులు 72, 38 బదులు 83, 49 బదులు 94; చెల్లింపు అయితే తిరగేసి. అంటే వందల స్లిప్పులన్నీ చదవక్కర్లేదు, ఆ అయిదు జంటలు వెతికితే చాలు. (ఇది గుర్తు మాత్రమే, తీర్పు కాదు. అయిదువందల నోట్లు 90 ఎక్కువ ఇచ్చేసినా తేడా ఇంతే వస్తుంది. అప్పుడు స్లిప్పుల్లో ఏమీ దొరకదు.)

పావుగంటకి ఒక బట్టల వ్యాపారి కరెంటు ఖాతా స్లిప్పు బయటపడింది. వెనక నోట్ల వివరం చూస్తే 500 × 54, మొత్తం 27,000. సిస్టమ్‌లో 72,000 జమ. మూడున్నరకి, రద్దీ మధ్య, గబగబా కొట్టిన పద్దు. వ్యాపారి ఇంకా డబ్బు తీయలేదు. మేనేజరు ఆయనకు ఫోన్‌లో విషయం చెప్పారు, హెడ్ క్యాషియరు గారు తప్పు పద్దు వెనక్కి తీసే రివర్సల్ పెట్టారు, మేనేజరు స్లిప్పు పక్కన పెట్టుకుని ఆమోదించారు. ఆ రోజు లెక్కలు మూసే డే ఎండ్ కాకముందే అన్నదే ఇక్కడ కీలకం. ఆ రాత్రి గడిచి, వ్యాపారి పొద్దున్నే చెక్కు రాసేసి ఉంటే, ఆ 45,000 కోసం ఆయన షాపు చుట్టూ తిరగడమే మిగిలేది.

ఎవరి తప్పో అన్న మాట ఆ సాయంత్రం రాలేదు. శుక్రవారం స్టీలు టంబ్లరు వచ్చింది.

దానితో పాటు సీనియరు క్లర్కు గారు సొరుగు తాళం తీసి, రబ్బరు బ్యాండు వేసిన ఓ కట్ట టేబుల్ మీద పెట్టారు. “ఇవి లెక్క తేలక ఆరు నెలలుగా సస్పెన్స్ ఖాతాలో ఉన్న పద్దులు సార్. పాతాయనకు చూపించలేదు. తొమ్మిదితో ఎన్ని పోతాయో కాస్త చూస్తారా?”