ఏడో రౌండులో ఎవరుంటారు?

కంపెనీ ఎలాంటిదో తెలుసుకోడానికి జనం దాని వెబ్‌సైటు చూస్తారు. అక్కడ అందరూ నవ్వుతూనే ఉంటారు. అంతకన్నా నమ్మదగ్గ జాతకచక్రాన్ని కంపెనీ తనకు తెలియకుండానే మన చేతిలో పెడుతుంది. అదే ఇంటర్వ్యూలు నడిపే తీరు. ఈ శాస్త్రానికి విజయనగరంలో ఒక పీఠం స్థాపించాలని, వీలైతే మూడు లాంతర్ల దగ్గరే స్థలం చూపించాలని సవినయంగా మనవి.

ఉదాహరణకి మా వీధి కుర్రాడి సంగతి చూడండి. జావా డెవలపర్, మూడేళ్ల అనుభవం. హైదరాబాద్ కంపెనీ ఒకటి పిలిచింది. మొదటి ఫోన్లో రిక్రూటరమ్మాయి అడిగినవి మూడే: కరెంట్ సీటీసీ, ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ, నోటీస్ పీరియడ్. "మీ బడ్జెట్ ఎంతండీ?" అని వీడడిగితే "అది మేనేజ్‌మెంట్ డిసైడ్ చేస్తుందండీ" అంది. ఈ వాక్యాన్ని రాసి దాచుకోవాలి. రేపు ఇంక్రిమెంటు అడిగినప్పుడు వినిపించేదీ ఇదే.

రెండో రౌండులో హాష్‌మ్యాప్ లోపల ఎలా పనిచేస్తుందని అడిగారు. చెప్పాడు. మూడో రౌండులో వేరే ఆయన వచ్చి హాష్‌మ్యాప్ లోపల ఎలా పనిచేస్తుందన్నాడు. మళ్లీ చెప్పాడు. నాలుగో రౌండుకి మేనేజర్ ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చి, "మీ రెజ్యూమె ఇంకా చూళ్లేదు, మీ గురించి చెప్పండి" అని మొదలుపెట్టి, చివరికి హాష్‌మ్యాప్ దగ్గరే తేలాడు. రౌండు మారినా ప్రశ్న మారలేదంటే, ముందు మాట్లాడినవాడు ఏమీ రాసిపెట్టలేదని, లేదా రాసినా తర్వాతివాడు చదవలేదని అర్థం. అలాంటి చోట చేరితే ఒకే పని ఎంతవరకు వచ్చిందో పొద్దున ఒకరికి, మధ్యాహ్నం ఇంకొకరికి, సాయంత్రం ఇద్దరికీ కలిపి చెప్పుకోవాలి.

అయిదోది డైరెక్టర్ గారితో. మూడుసార్లు వాయిదా పడింది. ఆరోది, టీములో కలుస్తాడో లేదో చూడ్డానికట. ఏడోది మళ్లీ హెచ్ఆర్.

"ఏటి బాబూ, ఇంకా అవనేదా? కలెక్టర్నేటి ఏరతన్నారు?" అంది వాళ్లమ్మ.

ఆవిడ తెలియక అందిగానీ, కలెక్టరుకి కూడా ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ అని మూడే దశలు. దానికి దాదాపు ఏడాది పడుతుంది, నిజమే. కానీ ఎన్ని దశలో, ప్రిలిమ్స్ ఎప్పుడో, మెయిన్స్ ఎప్పుడో ముందే ప్రకటిస్తారు. కాబట్టి ఎక్కువ కాలం పట్టడమే దోషం కాదు. పాత ఉద్యోగాల వివరాలు సరిచూడ్డానికీ పెద్ద పోస్టుకీ సమయం పడుతుంది. ఎన్ని రౌండ్లో అడిగితే చెప్పలేకపోవడం, రౌండు అయ్యాక ఇంకోటి మొలవడం, ఇవీ అసలు దోషాలు. నిర్ణయం తీసుకునే మనిషెవరో ఆ కంపెనీకే తెలియదు కనక, ఒక్కొక్కరూ తప్పు తమ మీదికి రాకుండా ఇంకొకరి సంతకం కోరుతున్నారన్నమాట. రేపు మీ సెలవు చీటీ కూడా ఈ దారినే నడుస్తుంది.

అలాగని ఒక్క పూటలో ఇచ్చే ఉద్యోగం శుభశకునం అనుకోకండి. పైడిభీమవరం వైపు మందుల ఫ్యాక్టరీల్లో కెమిస్టులకు వాకిన్ పెట్టి, ఆ రోజే తేల్చేయడం మామూలే, అందులో తప్పులేదు. చూడాల్సింది ప్రకటన. ఏ కంపెనీ అయినా అదే పోస్టుకి నెలనెలా వాకిన్ పెడుతుంటే, మనుషులు ముందు గుమ్మంలోంచి ఎంత వేగంగా వస్తున్నారో వెనక గుమ్మంలోంచి అంతే వేగంగా పోతున్నారని లెక్క. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి వెళ్లమన్నారంటే, ఆ వెనక గుమ్మానికి తాళం వేస్తున్నారని.

మనవాడికి ఏడో రౌండు తర్వాత మూడు వారాలు మౌనం. మెయిల్‌కి జవాబు లేదు. తర్వాత ఒక శుక్రవారం సాయంత్రం ఫోన్: "కంగ్రాట్స్! సోమవారం జాయినవగలరా?" ఇంత మౌనం తర్వాత ఇంత తొందర ఉంటే, సాధారణంగా రెండు కారణాల్లో ఒకటి. మొదట ఎంచుకున్నవాడు రానన్నాడు, లేదా డబ్బు మంజూరు ఇప్పుడే అయింది. లెటర్ పంపమంటే పంపారు. అందులో చూస్తే, చేరడానికి వీడు రెండ్రోజుల్లో రావాలి. వదిలి వెళ్లాలంటే మాత్రం 90 రోజుల నోటీసు ఇవ్వాలి!

మర్యాదగా రానన్నాడు. నెల తిరక్కుండా అదే కంపెనీ నుంచి కొత్త గొంతు పలికింది. పాత రిక్రూటర్ మానేసిందట.

"మీ ప్రొఫైల్ మా ఓపెనింగ్‌కి చాలా బాగా సరిపోతుందండీ. ఫస్ట్ రౌండు ఎప్పుడు పెట్టమంటారు?"