అలిగిన బతుకమ్మకి ప్రెషర్ కుక్కర్

మూడు రోజులైంది. ఫోను టింగుమంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటోంది.

ముందు సంగతంతా గబగబా చెప్పేస్తాను. నాది తెనాలి. మా ఆయనకి హనుమకొండ బదిలీ అయితే వెంట వచ్చాను. ఖాళీగా ఉండలేక ఒక స్టీలు సామాన్ల దుకాణం వాళ్ల ఇన్‌స్టా, ఫేస్‌బుక్ పేజీలు చూసే పని ఒప్పుకున్నాను. బతుకమ్మ వస్తోందనగా ఓనరు గారు పిలిచి, "మేడం, తొమ్మిది దినాలు తొమ్మిది పోస్టులు పడాలె. పండుగ మనది, మనం లేకుంటె ఎట్ల?" అన్నారు. సరే అన్నాను. అక్కడ అయిపోయింది నా పని.

నిజానికి నా ఆలోచన చెడ్డదేమీ కాదు. ఇది మాత్రం రాసి పెట్టుకోండి. పండగ రోజు తాళాల కంపెనీ, టైర్ల కంపెనీ కూడా ఒక పూల బొమ్మ మీద తమ పేరు అతికించి శుభాకాంక్షలు చెబుతుంటాయి. పేరు తీసేస్తే ఏ పోస్టు ఎవరిదో వాళ్లే గుర్తుపట్టలేరు. మా దుకాణానికి ఆ అవస్థ లేదు. బతుకమ్మని పేర్చేదే తాంబాలంలో. పైగా రోజుకో నైవేద్యం. నైవేద్యం అన్నాక గిన్నె ఉండాలి కదా! ముద్దపప్పు రోజున పప్పుగుత్తి, అట్ల రోజున పెనం, వేపకాయల రోజున మూకుడు (ఆ వేపకాయలు బియ్యప్పిండితో చేసి నూనెలో వేయించేవి, చెట్టువి కావు; ఇది నాకూ ఇక్కడికొచ్చాకే తెలిసింది), చివరి రోజు సద్దులు పట్టుకెళ్లడానికి క్యారియర్. మనం పండగలోకి దూరక్కర్లేదు, మన సామాను ముందే అందులో ఉంది. దాన్ని చూపిస్తే చాలు. ధర వద్దు, ఆఫరు వద్దు, లోగో ఓ మూల చిన్నగా.

మొదటి అయిదు రోజులూ అలాగే నడిచింది. అట్ల బతుకమ్మ నాటి పోస్టు నాకే ముద్దొచ్చింది. నల్లటి ఇనుప పెనం, దాని మీద అంచు లేస్తున్న అట్టు, కింద రెండు వాక్యాలు: మొదటి అట్టు ఎందుకు అంటుకుంటుంది, ఉల్లిపాయ చెక్కతో నూనె రుద్దితే ఎందుకు లేస్తుంది. అంతే. ఆడవాళ్లు దాన్ని సేవ్ చేసుకున్నారు, చెల్లెళ్లకి పంపుకున్నారు. ఒకావిడ దుకాణానికే ఫోన్ చేసి ఆ పెనం ఎంతని అడిగింది. ఓనరు గారికి మాత్రం సంతోషం లేదు. "అట్టు మంచిగ కనపడ్తుంది మేడం. మన లోగో కనపడ్తలేదు."

ఈ లోగో గురించి కాస్త ఆగి చెప్పాలి. మిగతా అన్నీ గబగబా చెప్పినా ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మా లోగో ఒక బిందె. ఉత్త బిందె అయితే బాధ లేదు. దానికి కళ్లున్నాయి. కళ్ల కింద మీసాలున్నాయి, కొసలు పైకి తిప్పి ఉంటాయి. తల మీద పాగా. ఓనరు గారి నాన్నగారి పోలికట. ఆయన ఫోటో దుకాణంలో దండేసి ఉంది. నేను రెంటినీ మార్చి మార్చి చూశాను, బిందే కొంచెం శాంతంగా ఉంది. దీన్ని పోస్టుల్లో ఎక్కించే డిజైనర్ ఓనరు గారి బామ్మర్ది కొడుకు. ఇంటర్ రెండో సంవత్సరం. జీతం లేదు కాబట్టి మనం ఒక మాట అనడానికి లేదు. మామయ్య ఏది చెబితే అది చేస్తాడు, నేను చెప్పింది మామయ్యని అడిగి చేస్తాడు.

ఆరో రోజు కార్డు దగ్గర నేను ఆగిపోయాను. నా కార్డులో మూడు ఖాళీలు: రోజు పేరు, నైవేద్యం, సామాను. ఆరో రోజు పేరు అలిగిన బతుకమ్మ. నైవేద్యం దగ్గర ఎక్కడ వెతికినా ఏమీ లేదు. లేదంటే ఎందుకు లేదని ఒక్క క్షణం ఆలోచించాలి కదా! బుర్ర ఉన్నవాళ్లు ఆలోచిస్తారు. నేను ఓనరు గారికి ఫోన్ చేశాను.

"ఆరో రోజుకి నైవేద్యం లేదండీ. ఆ రోజు వదిలేద్దామా?"

"వదిలేసుడేంది మేడం? తొమ్మిది అన్నం, తొమ్మిది ఉండాలె. నడుమ గ్యాప్ వస్తె పేజీ పడిపోతది. ఏదన్న ఆఫర్ పెట్టున్రి."

ఇక్కడొక మాట అడుగుతాను. ఆయన పుట్టింది హనుమకొండలో, పెరిగింది హనుమకొండలో. వేయిస్తంభాల గుడి దగ్గర ఏటా బతుకమ్మలు చూసిన మనిషి. ఆయనకి తెలియదా? తెనాలి నుంచి వచ్చినదానికి తెలియాలా? అంటే నవ్వి, "ఆడోళ్ల పండుగ కద మేడం, నాకేం ఎరుక" అన్నారు తరువాత. పండుగ మనది అన్నప్పుడు ఈ సంగతి గుర్తుకు రాలేదు.

సరే, రాత్రి పదకొండున్నర. మిగతావి షెడ్యూల్ అయిపోయాయి, ఇదొక్కటే ఉంది. అలిగింది... అలకంటే కోపం... కోపమంటే ప్రెషర్... ప్రెషర్ అంటే... ఈ వరసలో ఎక్కడైనా ఆగి మంచినీళ్లు తాగి ఉంటే బతికిపోయేదాన్ని. ఆగలేదు. రాశాను:

"అమ్మ అలిగిందా? ప్రెషర్ మాకొదిలేయండి! అలిగిన బతుకమ్మ శుభాకాంక్షలు. 3 లీటర్ల కుక్కర్ మీద 20 శాతం తగ్గింపు."

రాసి, నన్ను నేనే మెచ్చుకుని, ఆ పిల్లాడికి పంపాను. వాడు పెద్ద బతుకమ్మ బొమ్మ ఒకటి తీసుకున్నాడు. బాగుంది. కింద తంగేడు, పైన రంగులద్దిన గునుగు, ఆపైన బంతి, వరసలు సన్నబడుతూ గోపురంలా లేచింది. చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. లోగో కుడివైపు మూల. మామయ్యకి పంపాడు. కనపడ్తలేదు అన్నారు. కాస్త పెద్దది చేశాడు. ఆడవాళ్ల చీరల్లో కలిసిపోతుంది అన్నారు. ఎడమకి జరిపాడు. అక్కడ కుక్కర్ ఉంది, రెండూ స్టీలే, ఏది మనదో తెలుస్తలేదు అన్నారు. పైకి జరిపాడు. ఆకాశంలో బిందె తేలుతున్నట్టుంది అన్నారు (ఇది మాత్రం నిజం). చివరికి పిల్లాడికి విసుగొచ్చి బతుకమ్మ శిఖరం మీద పెట్టేశాడు. అక్కడ పసుపు పచ్చగా ఏదో చిన్న ముద్దలా ఉందట. దాన్ని కప్పేసి, కలిసిపోవాలని మన బిందెకి కూడా పసుపు రంగు వేశాడు. ఓకే అన్నారు ఓనరు గారు. ఓకే అన్నాను నేను. మా ఊళ్లో దసరా అంటే బొమ్మల కొలువు. పై మెట్టు మీద ఏం పెట్టాలో నన్నడగండి, చెబుతాను. పొద్దున్న ఆరింటికి షెడ్యూల్ పెట్టి పడుకున్నాను.

ఆరుంపావుకి తలుపు దబదబా.

మా ఇంటి ఓనరమ్మ. నేను పెద్దమ్మా అంటాను. చేతిలో ఫోను, కళ్లజోడు నుదుటి మీద.

"బిడ్డా, ఇది నువ్వు పెట్టినవా?"

"అవును పెద్దమ్మా, బాగుందా?"

"ఇయ్యాల అలిగిన బతుకమ్మ."

"అవును, అదే రాశాను కదా."

"ఇయ్యాల బతుకమ్మ పేర్వరు బిడ్డా. ఆడరు. నైవేద్యం పెట్టరు. వెనకటికి బతుకమ్మకి మాంసం ముద్ద తగిలిందట, అమ్మ అలిగిందట. అందుకే ఇయ్యాల ఏం ఉండదు. గిన్ని పూలతోని ఎవలు పేర్చిండ్రు? ఎవలు ఆడ్తుండ్రు?"

నాకు మాట రాలేదు. ఆవిడ కళ్లజోడు కిందికి దించి, బొటనవేలు, చూపుడువేలు విడదీస్తూ బొమ్మని పెద్దది చేసింది. తంగేడు దాటింది, గునుగు దాటింది, బంతి దాటింది. పైకి పోయింది. ఆగింది. ఇంకా పెద్దది చేసింది. స్క్రీనంతా మీసాలు.

"గౌరమ్మ ఏది?"

"ఎవరు పెద్దమ్మా?"

"పసుపు గౌరమ్మ బిడ్డా! బతుకమ్మ మీద గుమ్మడి పువ్వుల కూసోబెట్టేది. ఆ తల్లి జాగల ఈ మీసాలాయనెవలు?"

ఆ ప్రశ్నకి జవాబు ఏం చెప్పను? మా ఓనరు గారి నాన్నగారు అని చెప్పాను. నిజమే కదా. పెద్దమ్మ ఫోన్ వంక చూసింది, నా వంక చూసింది, "ఆయన పాయె గద, అయిదేండ్లాయె" అంది.

పోస్టు కింద అప్పటికే జనం మూగారు. "ఇయ్యాల మీ దుకాణంలనే ఆడ్తున్నరా అన్నా?" "కుక్కర్ల పెట్టి ఉడకేస్తరా అమ్మని?" "మీసాల గౌరమ్మకి దండాలు." ఆ మూడోది రాసినాయన ఎవరో గానీ, దాన్నే పట్టుకుని ఇంకో నలభై మంది దండాలు పెట్టారు.

నేను గబగబా సరిదిద్దడానికి కూర్చున్నాను. ఇన్‌స్టాలో ఒక తిరకాసు ఉంది: పోస్టు పడ్డాక కింద రాసింది మార్చుకోవచ్చు, బొమ్మ మార్చలేం. నేను కంగారులో కుక్కర్, ప్రెషర్ అన్నీ తీసేసి "ఈ రోజు బతుకమ్మ ఆడరు, అమ్మకు విశ్రాంతి" అని మార్చాను. మరి పైన బొమ్మలో పన్నెండు మంది ఆడుతూనే ఉన్నారు, నడుమ మీసాల బిందె నవ్వుతూనే ఉంది. ముందు కనీసం తెలియనివాళ్లలా ఉన్నాం, ఇప్పుడు తెలిసి చేసినట్టయింది.

తీసేద్దామని ఓనరు గారికి ఫోన్ చేశాను.

"ఎందుకు తీసుడు? గింత రీచ్ ఎన్నడన్న వచ్చిందా మనకు?"

"అవి తిట్లండీ."

"తిట్లకు కామెంట్ల లెక్క ఉండదా?"

ఉంటుంది. అదే ఈ వ్యవహారంలో నాకు ఒళ్లు మండే సంగతి. కామెంట్ మెచ్చుకోలో చీవాట్లో ఆ యాప్‌కి పట్టదు. జనం ఆగారా, రాశారా అన్నదే చూస్తుంది, ఇంకో నలుగురికి చూపిస్తుంది. నేను రాత్రంతా కూర్చుని, అట్టు అంచు సరిగ్గా లేచిన క్షణం కోసం పదకొండు అట్లు మాడ్చి తీసిన పోస్టు ఊరు దాటలేదు. ఇది కరీంనగర్ దాకా పోయింది. మా అత్తగారు తెనాలి నుంచి ఫోన్ చేసి, "మీ దుకాణం వాళ్లదేదో గ్రూపులో తిరుగుతోందే" అన్నారు.

మధ్యాహ్నం ఆడవాళ్లు నలుగురు దుకాణానికి వెళ్లి ఏమన్నారో నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. రెండు గంటలకి పోస్టు లేదు. దాని జాగాలో తెల్ల కాగితం మీద రాసినట్టు ఒక క్షమాపణ వచ్చింది, నేను రాసింది కాదు. అందులో కూడా మీసాల బిందె ఉంది, మూలన కాదు, నడుమ.

మర్నాడు పొద్దున్నే మూకుడు పోస్టు దానంతట అదే పడింది. ఒక్కరూ తిట్టలేదు. ఎక్కువమంది చూడనూ లేదు.

ఆ సాయంత్రం పెద్దమ్మ ఒక గిన్నెలో వేపకాయలు తెచ్చిపెట్టింది. నన్ను క్షమించిందనుకుని రెండు నోట్లో వేసుకున్నాను. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి, కాసేపు కొంగు సర్దుకుని, "బిడ్డా, ఆ మూడు లీటర్ల కుక్కర్... ఇరవై శాతం ఇంక ఉన్నదా?" అంది.

ఓనరు గారికి ఫోన్ చేసి అడిగాను. ఆఫర్ అలిగిన నాటికేనట.

రెండు రోజుల నుంచి పెద్దమ్మ నాతో మాట్లాడటం లేదు.